లాగ్ 1 దగ్గర పాసైన శెనక్కాయల ధర

ప్రశ్న: "నెలవారీ ధరల మీద ARIMA(1,1,1) వేశాను. Box.test లో p-value 0.91 వచ్చింది. ఇక రెసిడ్యువల్స్ వైట్ నాయిస్ అని రాసేయొచ్చా?"

అప్పుడే రాయొద్దు. రెసిడ్యువల్స్ అంటే మోడల్ అంచనాలో మిగిలిన తప్పులు, వాటి మధ్య ఏ సంబంధమూ మిగలకపోతేనే వైట్ నాయిస్. లాగ్ ఎంత ఇచ్చారో మీరు చెప్పలేదు. అంటే ఏమీ ఇవ్వలేదనుకుంటున్నాను. ఇవ్వకపోతే R తనంతట తాను లాగ్ 1 తీసుకుంటుంది. అంటే ఈ నెల తప్పుకూ పోయిన నెల తప్పుకూ సంబంధం ఉందా అని మాత్రమే చూసి ఊరుకుంటుంది. మీరు వేసిన మోడలే ఆ దగ్గరి సంబంధాన్ని పీల్చేయడానికి వేసింది. తప్పుల వర్గాల మొత్తం వీలైనంత తగ్గేలా గుణకాలను ఎంచుకుంటుంది కాబట్టి మొదటి లాగ్‌లలో మిగిలేది మామూలుగా తక్కువే. అక్కడ వెతికి ఏమీ దొరకలేదంటే అది వార్త కాదు.

నేను కర్నూలులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఈ పొరపాటు నాకు పుస్తకంలో తెలియలేదు, మా మేనమామ దగ్గర తెలిసింది. ఆయనకు ఆదోనిలో శెనక్కాయలు ఒలిచే మిల్లు ఉంది. ఒక ఏడు ఆగస్టులో, దీపావళి దాకా రేటు ఎట్లా ఉంటుందో చెప్పమన్నాడు. ఆయన చిట్టాల్లోంచి పదేళ్ల నెలవారీ సగటు ధరలు, మొత్తం 120, రాసుకున్నాను. (1,1,1) వేశాను. Box.test(res) కొట్టాను. అచ్చం మీలాగే p 0.9 దాటింది. నవంబరుకు క్వింటాలు 5,900 దగ్గర ఉంటుందని చెప్పాను. ఆయన నా మాట మీద సెప్టెంబరులో కాయ కొని గోడౌన్‌లో పెట్టాడు. నవంబరులో రేటు 5,300కు పడింది.

ఆయన కోప్పడలేదు. "ఏమిరా అల్లుడా, కొత్త కాయ యార్డుకొచ్చినాక రేటు పడుతుందని మీ లెక్కకు తెలీదా?" అన్నాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంగా ఆ లెక్కకు తెలీదు. ఖరీఫ్ పంట అక్టోబరు, నవంబరుల్లో యార్డుకు వస్తుంది, ప్రతి ఏడూ అంతే. ఆ పన్నెండు నెలల చక్రం నా మోడల్‌లో ఎక్కడా లేదు. మోడల్‌లో లేనిది రెసిడ్యువల్స్‌లో మిగిలి ఉండాలి. మరి టెస్టు ఎందుకు పట్టలేదు? నేను పన్నెండో లాగ్ దాకా చూడమని చెప్పనే లేదు.

మళ్లీ చేసింది ఇది:

```r
res <- residuals(fit)[-1]
Box.test(res, lag = 12,
         type = "Ljung-Box", fitdf = 2)
```

ఇందులో ప్రతి ముక్కకూ కారణం ఉంది. type చెప్పకపోతే R పాతదైన బాక్స్-పియర్స్ (1970) లెక్క వేస్తుంది. డేటా తక్కువగా ఉన్నప్పుడు అది Q ని, అంటే లాగ్‌లన్నిటి సంబంధాలనూ కలిపి వేసే మొత్తాన్ని, తక్కువ చేసి చూపిస్తుంది. యుంగ్-బాక్స్ (1978) సూత్రం దాన్ని సరిచేసింది:

```
Q = n(n+2) Σ r_k² / (n-k)
```

r_k అంటే k నెలల ఎడంలో ఉన్న తప్పుల మధ్య సహసంబంధం, n తప్పుల సంఖ్య. నా లెక్కలో n = 119. ఒక్క r_12 విలువే 0.33 వచ్చింది. అంత డేటాకు సుమారు 0.18 దాటితేనే అనుమానించాలి. ఆ ఒక్కదాని వాటా 14.65, మిగతా పదకొండు లాగ్‌లవీ కలిపి 4.95. మొత్తం Q = 19.6.

ఇక fitdf సంగతి. ఇది చెప్పకపోతే R డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12 అనుకుంటుంది. అప్పుడు p = 0.075, పాస్. కానీ రెండు గుణకాలు (ఒక AR, ఒక MA) ఇదే డేటాతో అంచనా వేశాం కాబట్టి అవి తీసేయాలి, మిగిలేది 10. అప్పుడు p = 0.033, ఫెయిల్. డేటా అదే, Q అదే, ఒక్క సంఖ్య రాయడం మరిచిపోతే తీర్పు తిరగబడింది. నెలకూ నెలకూ ధరల తేడా తీసినందుకు వచ్చే నడిమి 1ని ఇందులో కలపకూడదు, AR, MA గుణకాలు మాత్రమే. సీజనల్ గుణకాలుంటే వాటినీ కలపాలి. నా దగ్గరికొచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో చాలావాటిలో lag ఎంతో ఉండదు, fitdf ఎంతో ఉండదు, "p > 0.05, కాబట్టి మోడల్ సరైనది" అని మాత్రం ఉంటుంది. చదివినప్పుడల్లా బాధేస్తుంది. ఆ p చెప్పేది మేం వెతికినంతలో దొరకలేదు అని మాత్రమే. ఎంత మేర వెతికారో రాయకపోతే ఆ మాటకు విలువ లేదు.

అట్లాగని లాగ్ పెంచుకుంటూ పోవడమూ మంచిది కాదు. వీటిని పోర్ట్‌మాంటో టెస్టులంటారు, మన మాటలో గంపగుత్త బేరం. లాగ్‌లన్నీ ఒకే గంపలో పోసి ఒకే ధర కడతాం. గంప పెద్దదైతే అందులోని పుచ్చిన కాయ ఒక్కటి కనపడదు. అదే చెడ్డ మోడల్‌ను నేను లాగ్ 36 దాకా చూస్తే Q = 43.1 వచ్చింది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 34కు హద్దు 48.60. పాసైపోయింది! పన్నెండో లాగ్‌లోని తప్పు ఎక్కడికీ పోలేదు, పనికిరాని లాగ్‌ల మధ్య పలచబడింది. నెలవారీ డేటాకు నేను 24 వాడతాను, అదీ డేటా పొడవులో ఐదో వంతు దాటకుండా. Q తోబాటు acf(res) బొమ్మ కూడా తప్పక చూస్తాను, ఎందుకంటే ఏ లాగ్ దగ్గర చెడిందో Q చెప్పదు, బొమ్మ చెబుతుంది.

కోడ్‌లో [-1] ఎందుకంటే, తేడా తీసిన మోడల్‌లో మొదటి నెలకు ముందు నెల లేదు, కాబట్టి ఆ రెసిడ్యువల్ నిజమైన తప్పు కాదు. R లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. పైథాన్ statsmodels వాడే పిల్లలు మాత్రం జాగ్రత్త. అక్కడ మొదటి రెసిడ్యువల్ మామూలుగా మొదటి నెల ధర మొత్తమే ఉంటుంది. మిగతావి వందల్లో ఉంటే అదొక్కటి వేలల్లో. వేరియన్స్ అంతా అదే మింగేసి సహసంబంధాలన్నీ సున్నా దగ్గరికి కుంగిపోతాయి, p 1.00 వస్తుంది. p అంత అందంగా వచ్చిందంటే మొదటి విలువలు తీసేసి మళ్లీ చూడండి. సీజనల్ తేడా కూడా తీసి ఉంటే మొదటి 13 తీసేయాలి.

మామ లెక్కకొస్తే, సీజనల్ AR ఒకటి చేర్చి (1,1,1)(1,0,0)[12] వేశాను. లాగ్ 24, fitdf 3 తో Q = 18.9, p = 0.59. acf బొమ్మలో పన్నెండో గీత హద్దు లోపలికి వచ్చింది. కానీ Box.test(res^2, lag = 12, type = "Ljung-Box") వేస్తే p 0.01 కంటే తక్కువ. తప్పుల గుర్తుల్లో వరస లేదు గానీ పరిమాణాల్లో ఉంది. ఒక నెల ధర ఎగిరిపడితే తర్వాతి నెలలూ ఎగిరిపడుతున్నాయి. మామూలు పోర్ట్‌మాంటో టెస్టుకు ఇది కనపడదు. ధర అంచనాను ఇది పెద్దగా చెడపదు, దాని చుట్టూ గీసే హద్దులను చెడుపుతుంది. అందుకే తర్వాతి ఏడు మామకు నవంబరు ధర చెప్పాను గానీ, "ఇంతకంటే కిందికి పడదు గదా?" అని అడిగితే ఆ హద్దు మాత్రం నేను చెప్పలేదు. ఆయన సగం సరుకు అక్టోబరు ముందే అమ్మేశాడు.