పున్నమి చంద్రుడు ఫోన్‌లో తెల్ల ముద్దలా ఎందుకు పడతాడు?

"50 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోన్ కొన్నాను. పగలు ఫోటోలు అదిరిపోతున్నాయి. పౌర్ణమి నాడు డాబా మీద నుంచి చంద్రుణ్ణి తీస్తే మాత్రం మసగ్గా తెల్ల ముద్ద వస్తోంది. జూమ్ చేస్తే ఇంకా ఘోరం. ఫోన్‌లో లోపమా? ఏదైనా సెట్టింగ్ ఉందా?"

ఫోన్‌లో లోపం లేదండి. అది రాత్రిని ఫోటో తీస్తోంది, చంద్రుడేమో పట్టపగటి ఎండలో ఉన్నాడు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

చంద్రుడి నేల మీద పడేది మన నెత్తిన పడే ఎండే. మధ్యలో గాలీ మబ్బూ లేవు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ నేల మనకు వెన్నెలలో తెల్లగా కనిపిస్తుంది గానీ, నిజానికి బాగా నల్లటిది. పడ్డ వెలుగులో నూటికి 12 పాళ్లే వెనక్కి పంపుతుంది. అంటే అరిగిపోయిన తారు రోడ్డు లాంటిదన్నమాట. కాబట్టి మిట్టమధ్యాహ్నం తారు రోడ్డును తీయడానికి ఏ సెట్టింగ్ కావాలో, చంద్రుడికీ దాదాపు అదే కావాలి.

కెమెరాకు ఈ సంగతి తెలియదు. అది ఫ్రేమ్ మొత్తాన్ని చూస్తుంది. అందులో దాదాపు అంతా నల్లటి ఆకాశమే. అబ్బో, చీకటిగా ఉందే అనుకుని, పడ్డ వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే ISOను 800కి పెంచి, షట్టర్‌ను 1/10 సెకను తెరిచి ఉంచుతుంది. నడినెత్తిన ఉన్న పున్నమి చంద్రుడికి ISO 100 పెట్టి 1/1000 సెకను ఇస్తే సరిపోతుంది. సమయం 100 రెట్లు, ISO 8 రెట్లు, కలిపితే కావలసిన దానికి 800 రెట్ల ఎక్స్‌పోజర్. అందుకే మచ్చలన్నీ తెలుపులో కలిసిపోతాయి. పొంగిన వెలుగు అంచు దాటి పక్కలకు పాకుతుంది, లెన్సు మీద వేలి జిడ్డు ఉంటే చుట్టూ వలయం కూడా వస్తుంది. మీరు మసక అంటున్న దాంట్లో చాలా భాగం ఫోకస్ తప్పు కాదు, ఇదే.

నమ్మకం కుదరకపోతే మీరు తీసిన ఆ పాడైన ఫోటోనే మళ్లీ తెరవండి. ఫోటో నడిమధ్య బిందువుకు అటువైపు, చంద్రుడికి సరిగ్గా ఎదురుగా, చిన్న నీలం రంగో ఆకుపచ్చ రంగో చుక్క ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని పెద్దది చేసి చూడండి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన దీన్నే గుండ్రంగా గీత గీసి "ఇదేదో ఎగిరే పళ్లెంలా ఉంది సార్" అని పెట్టాడు. అది చంద్రుడే. లెన్సు లోపలి గాజుల మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి, తలకిందులుగా ఇంకో బొమ్మ పడుతుంది. ఆ వెనక్కి తగిలే వెలుగు చాలా కొంచెం కాబట్టి, అసలు చంద్రుడు తెల్లగా కాలిపోయిన ఫోటోలో కూడా ఈ దొంగ చంద్రుడు ఒక్కోసారి సరైన ఆకారంలో ఉంటాడు. నెలవంక తీసినప్పుడు చూడండి: పైన తెల్లటి ముద్ద, కింద తలకిందులుగా చక్కటి నెలవంక. వెలుగు తగ్గిస్తే ఎలా వస్తాడో ఫోనే చూపిస్తోందన్నమాట.

ఇక సెట్టింగ్. ఆండ్రాయిడ్‌లో Pro మోడ్ ఉంటే అది తెరిచి ISO 100, షట్టర్ 1/1000 పెట్టండి. ఫోకస్‌ను మనమే చేత్తో సరిచేసే MFకి మార్చి, స్లైడర్‌ను కొండ బొమ్మ ఉన్న చివరికి లాగండి. కొన్ని ఫోన్లలో ఆ చివర, చాలా దూరపు వస్తువులకు కావలసిన ఫోకస్‌ను కొద్దిగా దాటి ఉంటుంది, అందుకని చివరిదాకా వెళ్లి వెంట్రుకవాసి వెనక్కి జరిపి ఇంకొకటి తీసి పోల్చుకోండి. మీ ఫోన్‌లో Pro లేకపోతే Open Camera అనే ఉచిత యాప్ ఉంది, చాలా ఫోన్లలో అది ఈ పనులన్నీ చేయనిస్తుంది. ఐఫోన్ సొంత కెమెరాలో షట్టర్ మన చేతికివ్వరు. అక్కడ ముందు జూమ్ చేసి, తర్వాత చంద్రుడి మీద వేలు అదిమి పట్టండి. AE/AF LOCK అని వస్తుంది. పక్కనే ఉన్న సూర్యుడి బొమ్మను కిందికి లాగుతూ పొండి. ఆకాశం పూర్తిగా నల్లబడినా ఆపొద్దు, చంద్రుడిలో కుందేలు కనబడేదాకా లాగాలి. నైట్ మోడ్ తప్పకుండా ఆపేయండి. దాని గుర్తు చంద్రుడి బొమ్మే కాబట్టి ఇదే పెట్టాలేమో అనుకుంటారు చాలామంది, చంద్రుడికి అది బద్ధ శత్రువు.

ఒక మంచి సంగతేంటంటే 1/1000 సెకనులో చేతి వణుకు కనపడదు. ట్రైపాడ్ లేదని ఆగిపోనక్కర్లేదు. తీసిన ఫోటోలో అంచు ఒకవైపుకే సాగి రెండుగా కనిపిస్తే షట్టర్ ఇంకా నెమ్మదిగా ఉందని అర్థం. చుట్టూ సమానంగా మెత్తబడి, మచ్చలు లీలగా కనిపిస్తుంటే అది ఫోకస్. లోపల మచ్చలే లేకుండా ఒకటే తెలుపు ఉంటే ఎక్స్‌పోజర్.

ఇంతా చేశాక మచ్చలు కనపడతాయి గానీ, చంద్రుడు మాత్రం చిన్న గింజంత ఉంటాడు. ఇది రెండో చిక్కు, దీనికి సెట్టింగ్ లేదు. కంటికి ఎంత పెద్దగా అనిపించినా ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీయే. చెయ్యి బారుగా చాచి చిటికెన వేలు అడ్డం పెడితే పూర్తిగా మూసుకుపోతాడు. మీది 50 మెగాపిక్సెల్ అన్నా, మామూలు మోడ్‌లో నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది, అంటే అడ్డంగా దాదాపు 4000 పిక్సెళ్లు. మెయిన్ లెన్సు అడ్డంగా దాదాపు 70 డిగ్రీల మేర చూస్తుంది. లెక్క వేస్తే మధ్యలో చంద్రుడికి దక్కేది 26 పిక్సెళ్లు. చంద్రుడి వ్యాసం 3474 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో పిక్సెల్‌లో 130 కిలోమీటర్ల నేల ఇరికింది. పున్నమి నాడు చుట్టూ తెల్లటి చారలతో మెరిసే టైకో బిలం వెడల్పు 85 కిలోమీటర్లు, అది ఒక పిక్సెల్‌కు కూడా రాదు. డిజిటల్ జూమ్ ఆ 26 పిక్సెళ్లనే సాగదీసి చూపిస్తుంది, కొత్తగా ఏమీ తేదు. మీరు ఘోరం అన్నది దాన్నే. 50 మెగాపిక్సెల్ మోడ్ పెడితే 52 అవుతాయి గానీ, ఈ సెన్సర్లలో చాలావాటికి రంగు వడపోత నాలుగేసి పిక్సెళ్లకు ఒకటే ఉంటుంది. అందుకని వివరాలు రెట్టింపేమీ కావు.

నిజంగా పెంచేది, దూరపు వాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్సు. 3x అయితే సుమారు 80 పిక్సెళ్లు, 5x అయితే 130. నా ఫోన్‌లో ఉన్నది 3x. అందులో చంద్రుడి కుడి అంచు దగ్గర విడిగా ఉండే కోలగా ఉన్న మచ్చ, మేర్ క్రిసియం, స్పష్టంగా విడిపడుతుంది. టైకో రెండు పిక్సెళ్ల చుక్క. అయితే ఇక్కడో మోసం ఉంది. చీకట్లో చాలా ఫోన్లు మీరు 3x నొక్కినా టెలిఫోటోను వాడవు. దాని సెన్సర్ చిన్నది కాబట్టి, గుట్టుచప్పుడు కాకుండా మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తాయి. పరీక్ష తేలిక: 3x పెట్టి, వెనక టెలిఫోటో లెన్సును వేలితో మూయండి. స్క్రీన్ మీద చంద్రుడు అలాగే ఉంటే అది మెయిన్ కెమెరాయే. Pro మోడ్‌లో లెన్సును మీరే ఎంచుకునే వీలుంటే ఈ బాధ తప్పుతుంది.

కొన్ని ఫోన్లలో 30x, 100x దగ్గర బిలాలతో సహా చంద్రుడు వస్తాడు కదా అంటారా? చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపిస్తాడు, కాబట్టి ఆ ముఖం ఎలా ఉంటుందో ఫోన్‌కు ముందే నేర్పించవచ్చు. 2023లో ఒక రెడిట్ వాడకందారు మసకబార్చిన చంద్రుడి బొమ్మను మానిటర్ మీద పెట్టి శామ్‌సంగ్ ఫోన్‌తో తీస్తే, బొమ్మలో లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. ఆ ఫోన్ కెమెరాలోని Scene optimizer అనే సెట్టింగ్‌ను ఆపేస్తే ఆ చేర్పు జరగదని కంపెనీయే వివరించింది. నేనైతే ఆపేసే తీస్తాను.

టెలిఫోటో లేని ఫోన్‌కు నేను చెప్పేది బైనాక్యులర్. ఇంట్లో పది రెట్లు పెద్దది చేసి చూపే 10×50 ఉంటే మెయిన్ కెమెరాతోనే చంద్రుడికి 260 పిక్సెళ్లు దక్కుతాయి, అంటే పిక్సెల్‌కు 13 కిలోమీటర్లు. టైకో ఆరేడు పిక్సెళ్ల మచ్చగా తేలుతుంది. ముందు బైనాక్యులర్‌ను పిట్టగోడ మీద దిండు పెట్టి ఆనించండి, ట్రైపాడ్ ఉంటే మరీ మంచిది. కంటితో చూస్తూ ఫోకస్ సరిచేయండి. కన్ను ఆనించే చోట ఉండే రబ్బరు ఐకప్‌ను మడిచి, ఫోన్‌లో 1x పెట్టి, మెయిన్ లెన్సును అక్కడి గాజుకు, అంటే ఐపీస్‌కు, సెంటీమీటరు దూరంలోకి తేండి. మొదట స్క్రీన్ నల్లగా ఉంటుంది, తర్వాత ఒక పక్క నుంచి వెలుగు తొంగి చూస్తుంది. ఆ వెలుగు ఎటు ఉంటే ఫోన్‌ను అటు మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరపాలి. విసుగొచ్చేది ఇక్కడే. వందల్లో దొరికే ఫోన్ హోల్డర్ క్లిప్ కొనుక్కుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. ఎక్స్‌పోజర్ మార్చనక్కర్లేదు. 10×50లోంచి వచ్చే కాంతిపుంజం 5 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా ఫోన్ లెన్సుల రంధ్రం కన్నా అది పెద్దది, అందుకని అదే 1/1000 పనిచేస్తుంది.

ఎప్పుడు తీయాలన్నది కూడా చెప్పాలి. వివరాలు కావాలంటే పున్నమి మంచి రోజు కాదు. ఆ రోజు ఎండ చంద్రుడి మీద ఎదురుగా పడుతుంది, బిలాలకు నీడలుండవు. శుక్లపక్ష అష్టమి సాయంత్రం తీయండి. పొద్దుగూకేసరికి చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు, వెలుగుకూ చీకటికీ మధ్య గీత పొడవునా నీడలు సాగి బిలాల అంచులు లేచి కనిపిస్తాయి. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి షట్టర్ 1/250కి తగ్గించుకోవాలి. చంద్రుడితో పాటు గోపురమో కొబ్బరిచెట్లో కూడా కావాలంటే పున్నమి ముందురోజు, చతుర్దశి సాయంత్రం చూసుకోండి. ఆ రోజు సూర్యాస్తమయానికి సుమారు ముప్పావుగంట ముందే తూర్పున చంద్రుడు లేస్తాడు. పొద్దుగూకిన పది, పదిహేను నిమిషాలకు నేల మీద ఇంకా వెలుగు మిగిలి ఉంటుంది, దిగువన ఉన్న చంద్రుడు గాలి పొరల వల్ల కాస్త మందగిస్తాడు. ఆ కొద్దిసేపు మాత్రం ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ పడతాయి. పూర్తిగా చీకటి పడ్డాక రెండూ ఒకే క్లిక్‌లో రావు, విడివిడిగా తీసి కలుపుకోవాల్సిందే.