రెండు లింకులున్నా ట్రాఫిక్ అంతా ఒకదాని మీదే ఎందుకు పోతోంది?

ప్రశ్న: రెండు ఆఫీసుల మధ్య రెండు 1 జీబీపీఎస్ లింకులున్నాయి, రెండు వైపులా లైనక్స్ రౌటర్లే. ఒకే గమ్యానికి రెండు దారులూ వాడుకునేలా ఈసీఎంపీ పెట్టాం, రూట్‌లో రెండు నెక్స్ట్ హాప్‌లూ కనిపిస్తున్నాయి. కానీ `iperf3 -P 8` తో టెస్ట్ చేసినా ఒక లింకు నిండిపోతోంది, రెండోది ఖాళీగా ఉంటోంది. ప్యాకెట్ వారీగా పంచేలా మార్చుకోవచ్చా?

జవాబు:

ప్యాకెట్ వారీగా వద్దండీ. మీ సమస్య ఒక్క సెట్టింగ్‌తో తీరిపోతుంది. రెండు వైపుల రౌటర్ల మీదా ఇది పెట్టండి:

```
sysctl -w net.ipv4.fib_multipath_hash_policy=1
```

రీబూట్ తర్వాత కూడా ఉండాలంటే `/etc/sysctl.d/` లో `.conf` తో ముగిసే ఒక ఫైల్ పెట్టి అందులో `net.ipv4.fib_multipath_hash_policy=1` అని రాయండి. ఐపీవీ6 కూడా వాడుతుంటే దానికి వేరేగా `net.ipv6.fib_multipath_hash_policy` ఉంటుంది.

రౌటర్ ప్రతి ప్యాకెట్‌లోనూ కొన్ని ఫీల్డులు తీసుకుని హ్యాష్ లెక్కేసి, వచ్చిన విలువను బట్టి ఏ లింకు మీద పంపాలో తేల్చుకుంటుంది. ఫీల్డులు అవే అయితే హ్యాష్ కూడా అదే వస్తుంది, కాబట్టి ఒక ఫ్లో ప్యాకెట్లన్నీ ఒకే దారిలో పోతాయి. ఇక్కడ ఏయే ఫీల్డులు తీసుకుంటోందన్నదే అసలు విషయం. లైనక్స్ డీఫాల్ట్ విలువ 0, అంటే సోర్స్ ఐపీ, డెస్టినేషన్ ఐపీ మాత్రమే చూస్తుంది. మీ ఐపెర్ఫ్ ఎనిమిది కనెక్షన్లు తెరిచినా అవన్నీ ఆ రెండు మెషీన్ల మధ్యే, అంటే ఐపీలు మారవు, ఎనిమిదింటికీ ఒకే హ్యాష్, ఒకే లింకు. విలువ 1 చేస్తే ప్రోటోకాల్, రెండు పోర్టు నంబర్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఐపెర్ఫ్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో సోర్స్ పోర్టు తీసుకుంటుంది కాబట్టి హ్యాష్‌లు విడిపోతాయి.

నిజంగా విడిపోతున్నాయో లేదో ట్రాఫిక్ పంపకుండానే రౌటర్ మీద చూడొచ్చు (మీ ఐపీలు, ఇంటర్‌ఫేస్ పేర్లు పెట్టుకోండి):

```
ip route get 10.20.0.5 from 10.10.0.5 iif eth0 \
  ipproto tcp sport 40001 dport 5201
```

`sport` ను 40002, 40003 అని మారుస్తూ పోండి. కొన్నిసార్లు ఒక `dev`, కొన్నిసార్లు ఇంకోటి రావాలి. ఏం మార్చినా ఒకటే వస్తోందంటే పాలసీ ఇంకా 0 లోనే ఉన్నట్టు. మరో సంగతి, ఏ వైపు రౌటర్ ఆ వైపు నుంచి బయలుదేరే ట్రాఫిక్‌ని మాత్రమే పంచుతుంది. కాబట్టి ఐపెర్ఫ్‌ని ఒకసారి మామూలుగా, ఒకసారి `-R` తో నడిపి రెండు దిశలూ చూడండి. వెళ్ళింది ఒక లింకులో, అందిందని చెప్పే ఏసీకే వచ్చింది ఇంకో లింకులో అయినా రౌటర్లకి ఏ ఇబ్బందీ లేదు, కానీ ఒక్కో లింకు మీద ఒక్కో స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ ఉంటే మాత్రం కనెక్షన్లు తెగిపోతాయి.

ఇది మార్చాక కూడా సగం సగం వస్తుందని ఆశపెట్టుకోకండి. ఎనిమిది ఫ్లోలు రెండు లింకుల మీద సరిగ్గా నాలుగు, నాలుగుగా పడే అవకాశం 27 శాతమే. ఐదు, మూడుగా పడటమే ఎక్కువ, ఆరు, రెండు కూడా తరచుగా వస్తుంది. వందల కొద్దీ చిన్న ఫ్లోలుంటే దాదాపు సమానమవుతుంది. రాత్రిపూట నడిచే ఒక పెద్ద ఆర్‌సింక్ లాంటిదైతే అది ఒకే టీసీపీ కనెక్షన్, అది ఎప్పటికీ ఒక లింకు వేగాన్ని, అంటే సుమారు 940 ఎంబీపీఎస్‌ని దాటదు. మా దగ్గర బ్యాకప్‌కి ఇదే వచ్చింది. ఫోల్డర్ల వారీగా విడగొట్టి నాలుగైదు ఆర్‌సింక్‌లు ఒకేసారి నడిపితే రెండు లింకులూ నిండటం మొదలైంది. లింకుల మధ్య టన్నెల్ ఉంటే ఇంకో చిక్కు: ఐపీసెక్ ఈఎస్‌పీ ప్యాకెట్‌లో బయటికి కనిపించే పోర్టులుండవు, లోపలున్నది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దాంతో ఆఫీసు ట్రాఫిక్ మొత్తం రౌటర్‌కి ఒకే ఫ్లో లాగా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక్కో లింకు మీద ఒక్కో టన్నెల్ కట్టి, ఆ టన్నెళ్ళ మీద ఈసీఎంపీ పెట్టుకోవాలి.

ఇప్పుడు ప్యాకెట్ వారీగా ఎందుకు వద్దన్నానో చెప్తాను. రెండు లింకుల ఆలస్యం ఎప్పుడూ సమానంగా ఉండదు. ఒకటి రెండో దానికంటే 2 మిల్లీసెకన్లు నెమ్మది అనుకుందాం. 1500 బైట్ల ప్యాకెట్ 1 జీబీపీఎస్ వేగంలో 12 మైక్రోసెకన్లకి ఒకటి బయలుదేరుతుంది. అంటే ఆ 2 మిల్లీసెకన్లలో ఇంకో 160 పైచిలుకు ప్యాకెట్లు వెనక వస్తాయి, వాటిలో సగం, అంటే 80 దాకా, వేగమైన లింకులో పోయి నెమ్మది లింకులో ఉన్న ప్యాకెట్ కంటే ముందే చేరిపోతాయి. మామూలు టీసీపీకి మూడు డూప్లికేట్ ఏసీకేలు వస్తే చాలు, ప్యాకెట్ పోయిందని నిర్ణయించుకుని మళ్ళీ పంపుతుంది, వేగం కూడా తగ్గించేస్తుంది. ఏమీ పోలేదు, వరస మారిందంతే, అయినా శిక్ష పడుతుంది. కొత్త లైనక్స్ టీసీపీ వరస తప్పడాన్ని కొంత ఓర్చుకుంటుంది, నిజమే, కానీ మీ నెట్‌వర్క్‌లో ప్రింటర్లు, కెమెరాలు, పాత సర్వర్లు కూడా ఉంటాయి కదా. పైగా వరసగా వచ్చిన ప్యాకెట్లని కలిపి పైకి పంపే జీఆర్‌ఓ కూడా దెబ్బతిని, తీసుకునే మెషీన్‌లో సీపీయూ వాడకం పెరుగుతుంది.

ఒక క్లయింటు దగ్గర అంతకుముందు ఎవరో ప్యాకెట్ వారీగా పెట్టి వెళ్ళారు. రెండు లింకుల గ్రాఫులూ సరిసమానంగా, చూడముచ్చటగా ఉన్నాయి, ఫైల్ కాపీ మాత్రం ఒక్క లింకు వేగానికి కూడా రావట్లేదు. పంపే సర్వర్ మీద ఇది కొట్టి చూశాం:

```
nstat -az | grep -E 'TCPSACKReorder|TCPDSACKRecv'
```

రెండు లెక్కలూ గబగబా పెరుగుతున్నాయి. రెండోది పెరగడమంటే అవతలి మెషీన్ "ఈ ప్యాకెట్ నాకు ఇంతకుముందే వచ్చింది, మళ్ళీ ఎందుకు పంపావు" అని చెప్తున్నట్టు. ఫ్లో వారీగా మార్చగానే ఆ పెరుగుదల ఆగింది, కాపీ వేగం లింకు వేగం దాకా వచ్చింది.

ఒక్క జాగ్రత్త మాత్రం ముందే తీసుకోండి. లింకు మీ కేబుల్ దగ్గర కాకుండా ప్రొవైడర్ నెట్‌వర్క్ మధ్యలో ఎక్కడో తెగితే మీ పోర్టు అప్‌లోనే ఉంటుంది, రౌటర్ కూడా సగం ఫ్లోలని అటే పంపిస్తూ ఉంటుంది. అప్పుడు వచ్చే ఫిర్యాదులు విచిత్రంగా ఉంటాయి, ఒకరికి మెయిల్ వస్తుంది, పక్క సీటు వాళ్ళకి రాదు, పేజీ ఒకసారి తెరుచుకుంటుంది, రిఫ్రెష్ చేస్తే వేలాడుతుంది. పింగ్‌ని నమ్మకండి. దానికి పోర్టులుండవు, అందుకే ఒక మెషీన్ నుంచి కొట్టే పింగ్ అన్నిసార్లూ ఒకే లింకులో పోతుంది, అది బాగున్న లింకైతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సోర్స్ పోర్టు మారుస్తూ చూడాలి:

```
for p in $(seq 40001 40010); do
  nc -vz -w 2 -p $p 10.20.0.5 22
done
```

కొన్ని కనెక్ట్ అయి, కొన్ని ప్రతిసారీ అవే పోర్టుల దగ్గర టైమవుట్ అవుతుంటే ఒక లింకు చచ్చినట్టే. ఈ టెన్షన్ వద్దనుకుంటే స్టాటిక్ రూట్లు తీసేసి ఎఫ్‌ఆర్‌ఆర్‌లో బీజీపీ గానీ ఓఎస్‌పీఎఫ్ గానీ నడిపి, రెండు లింకుల మీదా లింకు బతికుందో లేదో చూసే బీఎఫ్‌డీ పెట్టండి. 300 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్, వరసగా మూడు రాకపోతే డౌన్ అన్నది దాని మామూలు సెట్టింగ్, అంటే సెకను లోపే ఆ నెక్స్ట్ హాప్ రూట్‌లోంచి తప్పుకుంటుంది, ఫ్లోలన్నీ మిగిలిన లింకు మీదకి వచ్చేస్తాయి.